నెలకి 17 వేలు తప్పని డిజైనర్: ఫ్రీలాన్సా, ఉద్యోగమా

"అక్కా, బరంపురంలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ఐదేళ్లుగా డిజైనర్‌ని. చేతికి 18,500 ఇస్తారు, పీఎఫ్, ఈఎస్ఐ లేవు, రాత్రి ఎనిమిదిన్నరకి వదులుతారు. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఫైవర్, అప్‌వర్క్ అనే ఫ్రీలాన్స్ సైట్లలో పనులు చేస్తాను. ఏప్రిల్ నుంచి మార్చి దాకా నా బ్యాంకులో పడినవి, వేలల్లో: 14, 9, 31, 22, 6, 18, 47, 52, 28, 11, 8, 30. సగటు 23 వేలు, జీతం కన్నా ఎక్కువ. అందులో అక్టోబరులో 30, నవంబరులో 38, డిసెంబరులో 12 ఒక్క అమెరికా క్లయింటే ఇచ్చారు. అద్దె, నాన్న మందులు, చెల్లి ఫీజు అన్నీ కలిపి ఇంటికి నెలకి 17 వేలు తప్పవు. నాన్నకి షుగర్, గుండెకి స్టెంట్ వేశారు. ఇక్కడే ఒక ప్యాకేజింగ్ యూనిట్ వాళ్లు 20,500 గ్రాస్, పీఎఫ్, ఈఎస్ఐ ఇస్తాం, తొమ్మిది నుంచి ఆరు పని అంటున్నారు. ఉద్యోగాలు వదిలేసి పూర్తిగా ఫ్రీలాన్స్‌కి వెళ్లనా, ఇందులో చేరనా?"

తమ్ముడూ, ప్యాకేజింగ్ యూనిట్‌లో చేరు. ఫైవర్, అప్‌వర్క్ రెండూ ఆపకు. పూర్తిగా ఫ్రీలాన్స్‌కి వెళ్లే రోజు నీకు రావచ్చు. ఆ రోజు వచ్చిందో లేదో చెప్పేవి నువ్వు రాసిన ఆ పన్నెండు అంకెలే. ఇప్పటికైతే అవి ఆ మాట చెప్పడం లేదు. ఎలా చదివి ఇలా అంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే వచ్చే ఏడాది ఇదే లెక్క నువ్వే వేసుకోవాలి.

నేను 2004లో బడాబజార్ దగ్గర డీటీపీ సెంటర్‌లో శుభలేఖలు కంపోజ్ చేస్తూ మొదలుపెట్టాను, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. 2016లో ఉద్యోగం మానేసి పూర్తిగా ఆన్‌లైన్ పనుల మీద పడ్డాను, 2019లో మళ్లీ ఉద్యోగంలో చేరాను, రెండేళ్ల తర్వాత మళ్లీ బయటికి వచ్చాను. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చూసుకున్నది కూడా నువ్వు చూసుకున్నదే, సగటు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీ పన్నెండు నెలల మొత్తం 2 లక్షల 76 వేలు, సగటు 23 వేలు, నిజమే. కానీ ఇంటి ఓనర్‌కి సగటు కట్టం, ఏ నెల అద్దె ఆ నెలే కడతాం. 17 వేల కన్నా తక్కువ వచ్చిన నెలలు లెక్కపెట్టు: ఏప్రిల్, మే, ఆగస్టు, జనవరి, ఫిబ్రవరి. పన్నెండింటిలో ఐదు. ఇప్పుడు జీతం లేదనుకుని, చేతిలో ఒక్క రూపాయి లేకుండా ఏప్రిల్ ఒకటిన మొదలైనట్టు నెల నెలా 17 వేలు తీసేస్తూ పో. ఏప్రిల్ చివర 3 వేలు అప్పు. మే చివర 11 వేలు అప్పు. జూన్‌లో తేరుకుని 3 వేలు మిగులు, జూలైకి 8 వేలు. ఆగస్టులో మళ్లీ 3 వేలు అప్పులోకి, సెప్టెంబరులో 2 వేలు. అక్టోబరు, నవంబరు వచ్చి గట్టెక్కించాయి. మార్చి చివరికి 72 వేలు మిగులు. ఇంతవరకూ చూస్తే ఎవరైనా మానేయమనే అంటారు.

ఇప్పుడు ఆ అమెరికా క్లయింట్ 80 వేలు తీసేసి అదే లెక్క మళ్లీ వెయ్యి. వాళ్లు మళ్లీ రారని కాదు, వస్తారని నీ చేతిలో కాగితం లేదు. అక్టోబరు 17, నవంబరు 14, డిసెంబరు 16 అవుతాయి. మిగిలిన నెలలు మారవు. జూలైలో 8 వేలు మిగులు దగ్గర నిలబడ్డ మనిషివి, ఆగస్టు నుంచి దిగుతూ ఫిబ్రవరి చివరికి 21 వేలు అప్పులో ఉంటావు. మార్చిలో కొంత పైకి వచ్చినా ఏడాది 8 వేలు అప్పుతో ముగుస్తుంది. సగటు 16,300 చిల్లర, అంటే ఇంటి ఖర్చు కన్నా తక్కువ.

ఇందులో నన్ను భయపెట్టేది ఆ 21 వేలు కాదు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఏ ఒక్క నెలా ప్రమాదంలా కనిపించకపోవడం. ఒక నెల వెయ్యి ఎక్కువ, ఒక నెల మూడు వేలు తక్కువ. ప్రతి నెలా "వచ్చే నెల సర్దుకుంటుంది" అనిపిస్తుంది. నేను 2018లో సరిగ్గా ఇలాగే దిగాను. చిట్టీ డబ్బు వాడేసి, ఆ తర్వాత బంగారం తాకట్టు పెట్టే దాకా దిగుతున్నానని నాకే తెలియలేదు. అందుకే నెలాఖరు మిగులో అప్పో ఒక్క అంకె రాసుకోమంటాను. రాబడి కన్నా ఆ అంకె ఎటు నడుస్తోందో ముందు చెబుతుంది.

ఇక నీ మనసులో ఉన్న మాట నాకు తెలుసు. ఇదంతా రాత్రి మూడు గంటల పనితో వచ్చింది, రోజంతా కూర్చుంటే రెట్టింపు కాదా అని. గంటల లెక్క వేద్దాం. రాత్రిళ్లు మూడేసి గంటలు, ఆదివారాలు ఆరు, నెలకి సుమారు వంద గంటలు అనుకుంటున్నాను. 23 వేలని వందతో భాగిస్తే గంటకి 230. ప్రెస్‌లో రోజుకి పదకొండు గంటల చొప్పున నెలకి 286 గంటలు చేసి 18,500 తెస్తున్నావు, గంటకి 65 కూడా లేదు. తేడా చూస్తే కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ప్రెస్ గంటలన్నీ ఖాళీ అయితే అవి 230 చొప్పున నిండుతాయా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఒక్కచోటే దొరుకుతుంది: ఆ ఐదు సన్న నెలల్లో టైం లేక ఎన్ని పనులు వదులుకున్నావు?

రెండు సైట్లలోనూ పాత మెసేజ్‌లు ఉంటాయి. ఒక ఆదివారం కూర్చుని ఆ ఐదు నెలలు తిరగేయి. ఎవరైనా అడిగితే "ఈ వారం కుదరదు" అన్నావా, ఇన్వైట్ వస్తే చూడకుండా వదిలేశావా, ఆలస్యంగా ఇచ్చి ఆర్డర్ పోగొట్టుకున్నావా, అన్నీ రాయి. నాకో అనుమానం ఉంది. ఏప్రిల్, మే అంటే వైశాఖం పెళ్లిళ్లు. జనవరి చివర, ఫిబ్రవరి అంటే మాఘం. ఆ నెలల్లో ప్రెస్‌లో శుభలేఖల పని మీద పడి రాత్రి పది దాకా ఉంచేసి ఉంటారు, ఇంటికొచ్చి ఫైవర్ తెరిచే ఓపిక ఉండదు. అదే నిజమైతే నీ అంకెలు నీ సత్తా కన్నా తక్కువ చూపిస్తున్నాయి. పైగా క్రిస్మస్ సీజన్ అయ్యాక జనవరి, ఫిబ్రవరి విదేశీ పనులు తగ్గడం నేనూ ప్రతి ఏడాదీ చూస్తున్నాను. కాబట్టి రెండు కారణాలూ కలిసి ఉండొచ్చు, వాటిని విడదీసేది ఆ మెసేజ్‌లే. ఆగస్టులో వచ్చిన ఆరు వేలకి మాత్రం ప్రెస్ కారణమో కాదో చెప్పలేను. ఆ నెల తెరిచి చూడు. వదులుకున్న పని ఒక్కటీ కనపడకపోతే, నీకు కొరత గంటలది కాదు, ఆర్డర్లది. అప్పుడు ఉద్యోగం మానేస్తే దొరికే గంటలు ప్రపోజల్స్ రాయడానికే పోతాయి.

అప్‌వర్క్‌లో ఆ ప్రపోజల్ కూడా ఊరికే రాదు. దానికి కనెక్ట్స్ అనే టోకెన్లు కొనాలి. ఒక్కో కనెక్ట్ 0.15 డాలర్, ఒక్కో జాబ్‌కి చాలా కనెక్ట్స్ అడుగుతున్నారు, పని దొరక్కపోయినా అవి పోతాయి. రాత్రి మూడు గంటల్లో నువ్వు ఏరి కోరి నాలుగు పంపుతున్నావు. రోజంతా ఖాళీగా ఉన్నవాడు కంగారులో నలభై పంపుతాడు, పనికిరాని రేటుకి ఒప్పుకుంటాడు. జీతం ఉంది కాబట్టే నువ్వు చెడ్డ క్లయింట్‌కి కుదరదని చెప్పగలుగుతున్నావు. ఈ 230 గంట రేటులో ప్రెస్ జీతం వాటా కూడా ఉందని మర్చిపోకు.

తర్వాత సంగతి తేదీలు. నీకు కావలసింది స్థిరమైన రాబడి అంటే, ఎంత వస్తుందో ఎంత ముఖ్యమో ఏ తారీకున వస్తుందో అంతే ముఖ్యం. ఫైవర్‌లో అక్టోబరు 3న ఫైళ్లు డెలివరీ చేశావనుకో. కొన్నవాళ్లు ఏమీ పలకకపోతే మూడు రోజులకి, అంటే 6న ఆర్డర్ దానంతట అదే పూర్తవుతుంది. అక్కడి నుంచి మామూలు సెల్లర్‌కి 14 రోజులు క్లియరెన్స్, అంటే 20. అప్పుడు విత్‌డ్రా పెడితే బ్యాంకులో పడేసరికి ఇంకో రెండు మూడు రోజులు. అక్టోబరు 3న అయిపోయిన పని డబ్బు 23న కనపడుతుంది. మధ్యలో రివిజన్ అడిగితే ఆ మూడు రోజుల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. చేతికొచ్చేది కూడా కొన్నవాళ్లు ఇచ్చినదాంట్లో 80 శాతమే, టిప్ ఇచ్చినా అందులోంచి 20 శాతం కోస్తారు.

అప్‌వర్క్ ఫిక్స్‌డ్ పనిలో క్లయింట్ వెంటనే ఒప్పుకుంటే ఐదు రోజుల్లో డబ్బు తీసుకోవచ్చు. పలకకపోతే 14 రోజులు ఆగి దానంతట అది విడుదలవుతుంది, ఆపైన ఆ ఐదు రోజులు. గంటల లెక్కన చేసే కాంట్రాక్ట్ మాత్రం జీతానికి కాస్త దగ్గరగా ఉంటుంది. సోమవారం నుంచి ఆదివారం దాకా చేసిన గంటలు, ఆ వారం ముగిసిన పది రోజులకి తీసుకోవచ్చు, ప్రతి వారం అదే వరుస. కానీ ట్రాకర్ ఆన్ చేసి, స్క్రీన్‌షాట్లు పడుతూ, ఏం చేస్తున్నావో మెమో రాస్తూ చేసిన గంటలకే వాళ్ల రక్షణ ఉంటుంది. చేత్తో కలిపిన గంటలకి క్లయింట్ ఎగ్గొడితే ఎవరూ అడ్డుపడరు. కమిషన్ కూడా ఇప్పుడు అందరికీ ఒకటే కాదు, కాంట్రాక్ట్‌ని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా, ప్రపోజల్ పంపే ముందే తెర మీద కనపడుతుంది. అది చూశాకే రేటు వెయ్యి.

అంటే ఈ రోజు ప్రెస్ మానేసి కొత్త పని వెతకడం మొదలుపెడితే, ప్రపోజల్స్‌కి రెండు మూడు వారాలు, పనికి రెండు వారాలు, డబ్బు దిగడానికి మూడు వారాలు. దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలల 34 వేలు ఎక్కడి నుంచో ముందే వచ్చి ఉండాలి.

ఇంకో ప్రమాదం ఉంది, మన తెలుగువాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా వచ్చేది. మన పేర్లు. ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా ఉంటుంది, ఇంకో కార్డులో పూర్తిగా ఉంటుంది, ఇక్కడ ఒడియావాళ్ల పద్ధతిలో చివరికి వెళ్లిపోయి ఉంటుంది. 2019లో ఒక సైట్ నన్ను గుర్తింపు పత్రాలు అడిగింది. పాన్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో పొడి అక్షరం చివర. ఖాతా ఆపేశారు. 62 వేల రూపాయలకి సరిపడే డాలర్లు లోపల ఉండిపోయాయి, 41 రోజులు. ఎవరికీ ఫోన్ చేసే దారి లేదు, టికెట్ రాసి కూర్చోవడమే. డబ్బు చివరికి వచ్చింది కానీ ఆ 41 రోజుల్లో నేను ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. నువ్వు ఈ వారమే ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి చూడు. ఒక్క అక్షరం తేడా ఉన్నా దిద్దించుకో. పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడూ ఇదే తేడా అడ్డం పడుతుంది కాబట్టి ఆ శ్రమ ఎటు వెళ్లినా పనికొస్తుంది.

ఇప్పుడు ప్యాకేజింగ్ యూనిట్ ఆఫర్ విప్పి చూద్దాం. 20,500 గ్రాస్ అంటే చేతికి 20,500 రాదు. పీఎఫ్‌ని 15,000 మీద లెక్కగట్టే చోట నీ వాటా 12 శాతం, 1,800 కోస్తారు. ఈఎస్ఐకి 0.75 శాతం, 154 రూపాయలు. ఒడిశా ప్రొఫెషనల్ టాక్స్ ఈ స్థాయి జీతానికి ఏడాదికి 1,500, నెలకి 125. అన్నీ పోను 18,421. ప్రెస్‌లో వచ్చే 18,500తో దాదాపు సమానం. ఇక్కడే చాలామంది "అదే జీతానికి మారడం దేనికి" అని ఆగిపోతారు. కానీ కోసిన 1,800 నీదే, దాని పక్కన యూనిట్ వాళ్లు ఇంకో 1,800 వేస్తారు. అందులో 1,250 పెన్షన్ ఖాతాకి, 550 నీ పీఎఫ్‌కి వెళ్తాయి. అంటే నీ పీఎఫ్‌లో నెలకి 2,350 చేరుతుంది, ఏడాదికి 28,200, పైన వడ్డీ. నువ్వు మొదట వేసిన లెక్కలో ఈ డబ్బే లేదు.

దానికన్నా పెద్దది నాన్నగారి విషయం. స్టెంట్ పడిన మనిషికి బయట ఆరోగ్య బీమా తీసుకోవాలంటే ప్రీమియం ఎక్కువ, పైగా అప్పటికే ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ఈఎస్ఐలో నీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకి వైద్యం నువ్వు చేరిన రోజు నుంచే మొదలవుతుంది, పాత జబ్బు అని తీసెయ్యరు. పెద్ద స్పెషాలిటీ చికిత్సలకి మాత్రం కొంతకాలం చందా కట్టి ఉండాలి. నాన్నగారికి సొంత పెన్షన్ ఏదైనా వస్తుంటే ఆధారపడినవారి కింద లెక్కలోకి వస్తారో లేదో చేరే ముందే అడుగు, ఆదాయ పరిమితి ఉంది. నీకే జబ్బు చేసి పని చెయ్యలేకపోతే, అర్హత ఉన్నంత వరకు ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. ఫ్రీలాన్స్‌లో వారం రోజులు జ్వరం వస్తే ఆ వారం సున్నా, ఆలస్యమైన ఆర్డర్ వల్ల రేటింగ్ కూడా పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెబుతాను. ఈఎస్ఐ 21,000 దాకానే. రేపు వాళ్లు సంతోషపడి 21,500 చేస్తామంటే వెంటనే తల ఊపకు. నెలకి వెయ్యి పెరిగి నాన్నగారి వైద్యం పోయే బేరం అది. అప్పుడు అడగాల్సింది గ్రూప్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉంటారా అని.

చేరే ముందు అపాయింట్‌మెంట్ లెటర్ పూర్తిగా చదువు. రెండు వాక్యాల కోసం వెతుకు. ఒకటి, ఇక్కడ పనిచేస్తూ బయట ఏ పనీ చెయ్యకూడదన్న షరతు. రెండోది, ఉద్యోగ కాలంలో చేసిన డిజైన్లన్నీ కంపెనీవే అన్న మాట. రెండోది మరీ వెడల్పుగా రాసి ఉంటే నువ్వు రాత్రి ఇంట్లో చేసిన లోగో కూడా వాళ్లదే అవుతుంది, ఆ లోగో హక్కులు నువ్వు అక్కడ క్లయింట్‌కి రాసిచ్చేసి ఉంటావు. దాచిపెట్టి చేరకు. "ఆఫీసు వేళల తర్వాత, నా సొంత సిస్టం మీద, మీ కస్టమర్లకి సంబంధం లేని విదేశీ పనులు చేసుకుంటాను" అని ఒక మెయిల్ రాసి, సరేనన్న జవాబు తీసుకో. చిన్న యూనిట్లలో చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈ జవాబంతా మారిపోతుంది, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. సొంత సిస్టం, సొంత సాఫ్ట్‌వేర్ అన్నది కూడా పైపైకి అనేది కాదు. ఇంతకాలం ప్రెస్ కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్, ఫాంట్లు వాడి ఉంటే వాటి ఖర్చు నీ 23 వేలలోంచి ఇంకా తీయలేదు. సాఫ్ట్‌వేర్, నెట్, ఇన్వర్టర్ కలిపి ఎంత పడుతుందో తీసి, ఆ మిగిలినదే రాబడి అనుకో.

ఇంక ఈ ఉద్యోగం వల్ల నీకొచ్చే అసలు లాభం రోజుకి రెండున్నర గంటలు. ఆరుకి బయటపడతావు. నెలకి 65 గంటలు, అదీ అలసిపోని గంటలు. పగలు అక్కడ నేర్చుకునేది కూడా తక్కువ కాదు. డబ్బా కోత, మడత గీతలుండే డైలైన్ మీద పని చెయ్యడం, మడత ఎక్కడ వస్తుందో, జిగురు అంచు ఎక్కడ వదలాలో, బార్‌కోడ్ చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో, పోషకాల పట్టిక, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఎక్కడ పెట్టాలో, ఇవి లోగోలు చేసేవాళ్లలో చాలామందికి రావు. ఫైవర్‌లో లోగో గిగ్ పెడితే వేలమందిలో ఒకడివి. ప్రింట్‌కి నేరుగా వెళ్లగలిగే పౌచ్ డిజైన్ అని పెడితే పోటీ బాగా తగ్గుతుంది, ఒక క్లయింట్‌కి ఒక రుచి చేస్తే మిగతా ఆరు రుచులకీ నిన్నే పిలుస్తారు. నాకు పని నిలబడింది ఇలాంటి వరసల వల్లే. నీకు ప్రెస్ అనుభవం, తెలుగు, ఒడియా రెండు లిపులూ కంపోజ్ చెయ్యడం వచ్చు. ఒకే డబ్బా మీద రెండు లిపులూ తప్పు లేకుండా, ఒత్తులు విడిపోకుండా పెట్టగలవాళ్లు తక్కువ. అను, ఆకృతి ఫాంట్ల అలవాటుతో ఆగిపోకుండా యూనికోడ్‌లో చెయ్యి, ఎందుకంటే దూరాన ఉన్న క్లయింట్ ఫైల్ తెరిచినప్పుడు మన పాత ఫాంట్ వాళ్ల దగ్గర ఉండదు.

ఆ అమెరికా క్లయింట్‌కి ఈ నెలలోనే రాయి. సీజన్ కోసం ఎదురుచూడకుండా, నెలకి ఇరవై గంటలు గంటల కాంట్రాక్ట్ మీద ఉంటానని అడుగు. వాళ్లు ఒప్పుకుంటే అక్టోబరు, నవంబరు కొంచెం తగ్గొచ్చు, ఆగస్టు, ఫిబ్రవరి నిండుతాయి. అదే నీకు కావలసింది. సైట్ బయట డబ్బు తీసుకుందాం అని వాళ్లు అన్నా ఒప్పుకోకు. అప్‌వర్క్‌లో పరిచయమైనవాళ్లతో రెండేళ్ల దాకా అక్కడే లావాదేవీ జరపాలి, ఫైవర్‌లో అసలే కుదరదు. ఖాతా పోతే ఇన్నాళ్ల రివ్యూలు పోతాయి.

సన్న నెలలకి ఇంకో మందు మన ఊళ్లోనే ఉంది. ప్రెస్ వదిలాక వైశాఖం, మాఘం నెలల్లో నీ సాయంత్రాలు ఖాళీ. ఇటు బరంపురంలో, అటు ఇచ్ఛాపురం, సోంపేటల్లో బట్టల షాపులు, స్కూళ్లు, చిన్న ఆసుపత్రులు నెలకి ఇన్ని పోస్టర్లు అని మాట్లాడుకుంటే ఇస్తారు. బేరం ఎక్కువ, కానీ డాలర్ కోసం మూడు వారాలు ఆగక్కర్లేదు. నెల మొదట్లోనే డబ్బు అడుగు. నెలాఖరుకి అంటే అరువు ఖాతాలో పడిపోతావు, మన వైపు ఆ అలవాటు నీకు తెలిసిందే. పాత ప్రెస్ యజమాని కస్టమర్లని మాత్రం ముట్టుకోకు. ఊరు చిన్నది, ఐదేళ్లు అన్నం పెట్టిన చోటు.

పన్ను గురించి రెండు మాటలే. రెండు ఆదాయాలూ కలిపినా ఏడాదికి ఐదు లక్షల పాతిక వేల లోపు, కొత్త పద్ధతిలో పన్ను పడదు. అయినా రిటర్న్ వెయ్యి. జీతంతో పాటు ఫ్రీలాన్స్ కూడా ఉంది కాబట్టి అందరూ వేసే ఐటీఆర్-1 నీకు చెల్లదు, ఆడిటర్‌కి ఆ సంగతి ముందే చెప్పు. రేపు ఇంటి లోన్‌కి వెళ్తే జీతం స్లిప్పులు, ఈ రిటర్న్‌లు రెండూ అడుగుతారు.

ఎప్పుడు మానేయొచ్చో కూడా అంకెల్లోనే చెబుతాను. అతి పెద్ద క్లయింట్‌ని తీసేసి చూసినప్పుడు నీ లెక్క జూలైలో 8 వేలు మిగులు నుంచి ఫిబ్రవరిలో 21 వేలు అప్పుకి పడింది, మొత్తం 29 వేలు జారింది. చూసింది ఒక్క ఏడాదే కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 58 వేలు అనుకో. కొత్త పని దొరికి డబ్బు దిగే రెండు నెలలకి 34 వేలు. కలిపితే 92 వేలు. లక్ష రూపాయలు విడి ఖాతాలో పడి ఉండాలి, చెల్లి ఫీజుకి కూడా ముట్టుకోకుండా. దానితో పాటు, పెద్ద క్లయింట్ లేకుండా కూడా వరసగా ఏ మూడు నెలలు కలిపినా 51 వేలకి తగ్గకూడదు. గత ఏడాది జనవరి నుంచి మార్చి దాకా నీకు 49 వేలు వచ్చాయి, ఎక్కువ దూరం లేవు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద క్లయింట్ లేకపోతే 47, నవంబరు నుంచి జనవరి దాకా 41, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా 35. ఆ 35 ఎంతకి పెరిగిందో వచ్చే మార్చిలో చూసుకో. దానికి ముందు, సన్న నెలల్లో కూడా టైం లేక పనులు వెనక్కి పంపుతున్నావా అన్నది. ఈ మూడూ కుదిరి, నాన్నగారి వైద్యానికి ఈఎస్ఐ కాకుండా ఇంకో దారి దొరికితే, నేనే మానేయమంటాను.

చేరాక చివరి పని ఒకటి. పీఎఫ్ కోశామని స్లిప్‌లో చూపించి కట్టని చోట్లు ఉన్నాయి. ఏ నెల డబ్బైనా తర్వాతి నెల 15వ తేదీ లోపు జమ కట్టాలి. యూఏఎన్ నంబర్ తీసుకుని ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి రెండో నెలాఖరున చూడు. ఈఎస్ఐ నంబరు కూడా అడిగి తీసుకుని, అందులో నాన్నగారి పేరు ఎక్కించారో లేదో చూసుకో. అక్కడ ఏదైనా ఖాళీగా కనపడితే మూడో నెల దాకా ఆగకుండా ఇక్కడ రాయి.